పెట్టె మీది అంకెలు, కొనేవారి అవసరాలు: చవక పవర్ బ్యాంకుకు చిన్న పోస్టులు రాసే పద్ధతి

అమలాపురం, పాలకొల్లు, భీమవరం వంటి ఊళ్ళలో సెల్ షాపు నడుపుకుంటూ, కొత్త సరుకు వచ్చినప్పుడల్లా వాట్సాప్ స్టేటస్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో నాలుగు వాక్యాలు రాసి పెట్టేవారి కోసం ఈ మార్గదర్శి. ఆ నాలుగు వాక్యాలు చాలామంది పెట్టె మీద ఉన్నది ఉన్నట్టు దించేస్తారు. “10000 ఎంఏహెచ్, 18 వాట్ ఫాస్ట్ చార్జింగ్, మల్టీ లేయర్ ప్రొటెక్షన్, డ్యూయల్ అవుట్‌పుట్, ధమాకా ధర” అని రాస్తే, అది తెలిసినవారికి కొత్త సంగతేమీ చెప్పదు, తెలియనివారికి అసలేమీ చెప్పదు. దానికి బదులుగా పెట్టె మీది ఒక్కొక్క మాటను కొనేవారి పనిగా ఎలా మార్చాలో, మార్చేటప్పుడు ఎక్కడ ఆగాలో ఇక్కడ వివరిస్తాను.

ఉదాహరణగా ఒకే వస్తువు తీసుకుందాం. అది 899 రూపాయల పవర్ బ్యాంకు. పెట్టె వెనుక ఈ వివరాలు ఉన్నాయనుకోండి: సెల్ సామర్థ్యం 10000 ఎంఏహెచ్, 37 వాట్ అవర్లు, రేటెడ్ కెపాసిటీ 5 వోల్టుల వద్ద 5800 ఎంఏహెచ్, అవుట్‌పుట్ 5 వోల్టులు 2.4 యాంపియర్లు, 9 వోల్టులు 2 యాంపియర్లు, ఇన్‌పుట్ టైప్ సి, 5 వోల్టులు 2 యాంపియర్లు, రెండు అవుట్‌పుట్ పోర్టులు, నాలుగు లైట్లు. ఈ ధరలో దొరికే సరుకు మీద ఇంచుమించు ఇలాంటి అంకెలే ఉంటాయి. మీ చేతిలో ఉన్న మోడల్ అంకెలు వేరైతే, కింది లెక్కల్లో వాటినే వేసుకోవాలి.

మొదటి అడుగు: పెట్టె మీది వరుసలను మూడు కుప్పలుగా విడదీయడం

పెట్టె మీద ఉన్న ప్రతి వరుసనూ ఒక కాగితం మీద రాసుకోండి. వెనుక వైపు చిన్న అక్షరాలను ముఖ్యంగా వదలకూడదు, ఎందుకంటే పనికొచ్చేవన్నీ అక్కడే ఉంటాయి. ముందు వైపు పెద్ద అక్షరాలు అమ్మకం కోసం, వెనుక వైపు చిన్న అక్షరాలు నిబంధనల కోసం అచ్చు వేస్తారు. రెండింటి మధ్య తేడా కనిపిస్తే వెనుక వైపు ఉన్నదే నమ్మాలి.

తరువాత వాటిని మూడు రకాలుగా గుర్తు పెట్టుకోండి. వాట్ అవర్లు, రేటెడ్ కెపాసిటీ, వాట్లు, బరువు వంటివి కొలవదగినవి. నిండగానే తనంతట ఆగిపోవడం, రెండు ఫోన్లు ఒకేసారి ఎక్కించడం, లైట్లతో మిగులు చూపించడం వంటివి వస్తువు చేసే పనులు. “ప్రీమియం ఫినిష్”, “స్మార్ట్ చిప్”, “అల్ట్రా పవర్” వంటివి వట్టి అలంకారాలు. మూడో కుప్పను అక్కడికక్కడే కొట్టివేయండి. “స్మార్ట్ చిప్ వల్ల ఏమవుతుంది” అన్న ప్రశ్నకు పెట్టె మీద జవాబు లేనప్పుడు, మనం ఊహించి రాసే జవాబు కొనేవారిని తప్పుదారి పట్టిస్తుంది.

రెండో అడుగు: “దానివల్ల ఏమవుతుంది” అని అడుగుతూ వెళ్ళి, సమయానికి ఆగడం

మిగిలిన ప్రతి వరుసనూ ఈ ప్రశ్న అడగాలి. నాలుగు లైట్లు ఉన్నాయి. దానివల్ల ఏమవుతుంది? ఒక్కో లైటు సుమారు పావు వంతు మిగులును చూపుతుంది. దానివల్ల ఏమవుతుంది? సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కే ముందే బటన్ నొక్కి, రెండు లైట్లు వెలిగితే సగం ఉందని తెలుసుకోవచ్చు. అక్కడ ఆగాలి. ఇంకో మెట్టు ఎక్కి “ఇక మీ ప్రయాణంలో దిగులే ఉండదు” అంటే అది లైట్లు చేసే పని కాదు.

ఎక్కడ ఆగాలో తెలియడమే ఈ పద్ధతిలో కష్టమైన భాగం. రొయ్యల చెరువుల సంగతి చూడండి. చెరువు నీటిలో కరిగి ఉండే ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా పడిపోతుంది కాబట్టి, రాత్రి కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే రైతుకు వెంటనే తెలియాలి. చాలామంది స్టార్టర్‌కు సిమ్ వేసిన పరికరం పెట్టుకుంటారు. కరెంటు పోగానే అది ఫోన్ చేస్తుంది. ఆ వేళకు ఫోన్ చార్జింగ్ దిగిపోయి ఉంటే ఆ కాల్ వృథా. ఇక్కడ పవర్ బ్యాంకు ప్రయోజనం “కరెంటు లేని రాత్రి కూడా మీ ఫోన్ వెలిగే ఉంటుంది, కాల్ వస్తే వినిపిస్తుంది” అన్నంత వరకే. “మీ రొయ్యలకు రక్షణ” అని రాస్తే మాత్రం హద్దు దాటినట్టే, ఎందుకంటే చెరువును కాపాడేది జనరేటరు, దాన్ని నడిపే మనిషి. నేను పాటించే కొలమానం ఒక్కటే. రాసిన ప్రయోజనం జరగాలంటే వస్తువుతో పాటు ఇంకో మనిషో, ఇంకో యంత్రమో కూడా సరిగా పనిచేయాల్సి వస్తే, ఒక మెట్టు కిందికి దిగాలి.

మూడో అడుగు: సామర్థ్యాన్ని “ఎన్నిసార్లు” అనే మాటగా మార్చే లెక్క

పవర్ బ్యాంకు పోస్టుల్లో ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే, కాబట్టి నెమ్మదిగా చూద్దాం. కొనేవారి ఫోన్‌లో 5000 ఎంఏహెచ్ బ్యాటరీ ఉంటుంది. పవర్ బ్యాంకు 10000. అందరూ వేసే లెక్క ప్రకారం రెండుసార్లు ఎక్కాలి. షాపు పోస్టులోనూ “రెండు ఫుల్ చార్జింగ్‌లు” అని ఉంటుంది. వారం తిరగకుండా కొన్నాయన వచ్చి, “ఏమండీ, రెండుసార్లు ఎక్కుద్దన్నారు, ఒకసారి ఎక్కి రెండోసారి సగం కూడా రాలేదండీ” అంటారు. వస్తువులో లోపం ఏమీ ఉండదు. లోపమంతా ఆ లెక్కలో ఉంటుంది.

ఎంఏహెచ్ అనే అంకెను ఏ వోల్టేజీ దగ్గర కొలిచారో తెలియకుండా పోల్చకూడదు. పెట్టె మీది 10000 లోపలి సెల్ దగ్గర, అంటే 3.7 వోల్టుల దగ్గర చెప్పిన మాట. రెండింటినీ గుణించి వెయ్యితో భాగిస్తే 37 వాట్ అవర్లు వస్తాయి. అదే లోపల నిల్వ ఉన్న అసలు శక్తి. ఫోన్‌కు వెళ్ళేది 5 వోల్టుల దగ్గర కాబట్టి, నష్టమేమీ లేకపోయినా 37ను 5తో భాగిస్తే 7400 ఎంఏహెచ్ మాత్రమే అవుతుంది. వోల్టేజీని పెంచే సర్క్యూట్‌లో కొంత శక్తి వేడిగా పోతుంది. అవన్నీ పోగా మిగిలినదే పెట్టె వెనుక “రేటెడ్ కెపాసిటీ 5800” అని అచ్చు వేసిన అంకె. ఇందులో మోసం లేదు. 75 కిలోల ధాన్యం బస్తాను మర పట్టిస్తే 50 కిలోల బియ్యం వచ్చినట్టే ఇదీ. బస్తా బరువు చెప్పి బియ్యం బరువు అని అర్థమయ్యేలా రాస్తేనే తప్పు.

ఇప్పుడు మన ఉదాహరణకు లెక్క వేద్దాం. 5800 ఎంఏహెచ్‌ను 5 వోల్టులతో గుణిస్తే 29 వాట్ అవర్లు. ఫోన్ దాన్ని తీసుకునేటప్పుడు ఇంకో పది, పదిహేను శాతం వేడిగా పోతుంది కాబట్టి బ్యాటరీలోకి చేరేది దాదాపు 25. 5000 ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీ 3.85 వోల్టుల దగ్గర సుమారు 19 వాట్ అవర్లు పడుతుంది. 25ను 19తో భాగిస్తే 1.3 వస్తుంది. అంటే పూర్తిగా దిగిన ఫోన్ ఒకసారి నిండి, రెండోసారి పావు వంతుకు కాస్త పైన ఎక్కుతుంది. ఫోన్‌లో వీడియో చూస్తూ ఎక్కిస్తే ఆ పావు కూడా తగ్గిపోతుంది.

అందువల్ల పోస్టులోకి వెళ్ళాల్సిన మాట “ఒకసారి పూర్తిగా, ఇంకా కొంచెం మిగులుతుంది” అనేదే. “1.3 సార్లు” అని రాయకండి, దశాంశాలతో ఎవరూ ఫోన్ చార్జింగ్ పెట్టుకోరు. పెట్టె మీద రేటెడ్ కెపాసిటీ అసలు లేకపోతే, పెద్ద అంకెలో 60 శాతం తీసుకుని లెక్క వేసుకోవచ్చు. కానీ అది లేని పెట్టెను నేనైతే అనుమానంగానే చూస్తాను. 10000 అని రాసి ఉండి, చేతికి మరీ తేలికగా ఉంటే కిరాణా కాటా మీద పెట్టి చూడండి. ఈ సామర్థ్యం ఉన్న పవర్ బ్యాంకు సాధారణంగా 200 గ్రాములకు అటూ ఇటూ తూగుతుంది. అందులో సగమే తూగితే లోపల అన్ని సెల్స్ లేవనే అర్థం.

ఈ వాట్ అవర్ల అంకెకు మన ప్రాంతంలో ఇంకో ప్రత్యేకమైన ఉపయోగం ఉంది. కోనసీమ నుంచి, నరసాపురం చుట్టుపక్కల నుంచి కువైట్‌కు, దుబాయ్‌కి, ఖతర్‌కు పనికి వెళ్ళేవారు చాలామంది. విమానంలో 100 వాట్ అవర్లకు లోబడిన పవర్ బ్యాంకును చేతి సంచిలో తీసుకువెళ్ళనిస్తారు, చెకిన్ సామానులో మాత్రం పెట్టనివ్వరు. 37 అనే అంకె ఆ హద్దుకు చాలా లోపల ఉంది, అది పవర్ బ్యాంకు మీదే చెరగకుండా అచ్చు వేసి ఉంటే తనిఖీలో చూపించడానికి పనికొస్తుంది. మామూలు కొనుగోలుదారుకు అర్థం లేని 37, గల్ఫ్ వెళ్ళే కుర్రాడికి నేరుగా పనికొచ్చే సమాచారం. అయితే విమానం లోపల దాన్ని వాడటం మీద నిబంధనలు ఉంటాయి కాబట్టి, ఆ సంగతి టిక్కెట్టు ఇచ్చినవారిని అడగమని అదే పోస్టులో రాయాలి.

నాలుగో అడుగు: వేగాన్ని గడియారంతో కొలవడం

9 వోల్టులను 2 యాంపియర్లతో గుణిస్తే 18 వాట్లు. దీన్ని చూసి “సూపర్ ఫాస్ట్” అని రాయడం తేలిక. కానీ ఆ వేగం వస్తుందా రాదా అన్నది పవర్ బ్యాంకు ఒక్కటే తేల్చదు. ఫోన్, కేబుల్, పవర్ బ్యాంకు మూడూ ఒకే పద్ధతికి ఒప్పుకోవాలి. 33 వాట్లు, 67 వాట్లు అని పేరున్న ఫోన్లలో చాలావాటికి ఆ వేగం వాటి కంపెనీ చార్జర్‌తోనే వస్తుంది. వేరే పవర్ బ్యాంకు పెడితే అవి 18 వాట్లకో, కొన్నిసార్లు 10 వాట్లకో దిగిపోతాయి. ఈ సంగతి తెలియని కొనుగోలుదారు తన ఇంటి చార్జర్‌తో పోల్చి, పవర్ బ్యాంకు నాసిరకమని తేల్చేస్తారు.

కాబట్టి సమయం గురించి రాయబోయే ప్రతి మాటనూ ముందు కొలిచి చూసుకోవాలి. మీ షాపులో బాగా అమ్ముడయ్యే మూడు ఫోన్లు తీసుకోండి. ప్రతిదాన్నీ 20 శాతం దగ్గరకు దించి, పవర్ బ్యాంకు పెట్టెలో వచ్చిన కేబుల్‌తోనే కలిపి, స్క్రీన్ ఆపి, నీడలో అరగంట ఉంచండి. తరువాత ఎంత పెరిగిందో రాసుకోండి. 20 దగ్గర మొదలుపెట్టమనడానికి కారణం ఉంది. 80 దాటాక ఫోన్ తనంతట వేగం తగ్గించుకుంటుంది కాబట్టి, ఆ భాగాన్ని కొలిస్తే లెక్క తప్పుతుంది.

మీ కొలత సరైనదేనా అని చూసుకోవడానికి రెండు గుర్తులు చెబుతాను. 5000 ఎంఏహెచ్ ఫోన్ 18 వాట్ల వేగంతో తీసుకుంటే అరగంటలో 40 శాతం దాకా పెరగాలి. 10 వాట్లతో అయితే 20 శాతానికి కాస్త పైన పెరుగుతుంది. అంతకన్నా బాగా తక్కువ వస్తే ముందుగా కేబుల్ మార్చి చూడండి. చవక సరుకులో ఎక్కువగా దోషం అక్కడే ఉంటుంది. 40 కన్నా చాలా ఎక్కువ కనిపిస్తే మొదలుపెట్టిన శాతాన్నో సమయాన్నో తప్పుగా రాసుకున్నట్టే. మూడు ఫోన్లలో అన్నిటికన్నా తక్కువగా వచ్చిన అంకెనే పోస్టులో వాడాలి. ఎక్కువ వచ్చిన ఫోన్ కొన్నవారు సంతోషిస్తారు, తక్కువ వచ్చిన ఫోన్ కొన్నవారు మోసపోరు.

పవర్ బ్యాంకును తిరిగి నింపడానికి పట్టే సమయాన్ని చాలామంది పోస్టులో చెప్పరు. చెప్పాలి. దీని ఇన్‌పుట్ 10 వాట్లు, నింపాల్సింది 37 వాట్ అవర్లు, నష్టాలు కలుపుకుంటే ఐదు గంటలు పడుతుంది. ఇంట్లో పడి ఉన్న పాత 5 వాట్ల చార్జర్‌తో అయితే దానికి రెట్టింపు. “పడుకునేటప్పుడు పెడితే తెల్లారేసరికి సిద్ధం” అనే మాట ఈ రెండు సందర్భాలకూ ఇంచుమించు సరిపోతుంది, పైగా అది వాడేవారి దినచర్యలోకి చక్కగా ఇమిడిపోతుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాను హెచ్చరిక వచ్చిన రోజున ఈ ఐదు గంటల మాటకు ఇంకా విలువ ఉంటుంది. కరెంటు పోయాక పవర్ బ్యాంకు కొనుక్కెళితే, దాన్ని నింపేదెక్కడ? అందుకే తుపాను పోస్టును హెచ్చరిక వచ్చిన ఉదయమే పెట్టి, “ఈ రోజే నింపి పెట్టుకోండి, అయిదు గంటలు పడుతుంది” అని రాయాలి.

ఐదో అడుగు: ఒక పోస్టుకు ఒక మనిషి, ఒక వేళ

ఇప్పుడు మీ కాగితం మీద ఆరేడు ప్రయోజనాలు ఉంటాయి. అన్నిటినీ ఒకే పోస్టులో కుక్కితే మళ్ళీ పెట్టె మీది జాబితాకే వచ్చేస్తాము. స్టేటస్ 24 గంటల్లో పోతుంది, చూసేవారు రెండు మూడు సెకన్లలో వేలితో పక్కకు తోసేస్తారు. కాబట్టి ఒక్కో పోస్టు ఒక్కో మనిషిని ఉద్దేశించి, ఆయన రోజులోని ఒక్క వేళ గురించి మాట్లాడాలి.

మన దగ్గర పవర్ బ్యాంకు ఎవరికి కావాలో ఆలోచిస్తే మనుషులు తమంతట కళ్ళ ముందుకు వస్తారు: చెరువు గట్టు మీద రాత్రి కాపలా ఉండేవారు, నరసాపురంలో సాయంత్రం ఎక్కి తెల్లారేసరికి హైదరాబాద్ దిగేవారు, అమలాపురం నుంచి రాజమండ్రి కాలేజీకి రోజూ బస్సులో తిరిగే పిల్లలు, కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో పొద్దుటి నుంచి వీడియోలు తీసేవారు, గల్ఫ్ ప్రయాణికులు. ఒక్కొక్కరికి పనికొచ్చే వరుస వేరు. రైలు ప్రయాణికులకు సామర్థ్యం, తీర్థానికి వెళ్ళేవారికి బరువు, కాలేజీ పిల్లలకు అరగంట వేగం, గల్ఫ్ కుర్రాడికి 37 వాట్ అవర్లు. అంటే ఒకే పవర్ బ్యాంకుకు అయిదు వేర్వేరు పోస్టులు రాయవచ్చు, వాటిలో ఒక్క అంకె కూడా మారనక్కరలేదు.

కాపలాదారుల విషయంలో ఒక మెలిక ఉంది. వారిలో చాలామంది దగ్గర కీప్యాడ్ ఫోన్లే ఉంటాయి. చాలా పవర్ బ్యాంకులు, తమ నుంచి వెళ్ళే కరెంటు బాగా తగ్గగానే, ఏమీ కలపలేదనుకుని ఆగిపోతాయి. కీప్యాడ్ ఫోన్ మామూలుగానే తక్కువ తీసుకుంటుంది, నిండుతున్న కొద్దీ ఇంకా తగ్గిస్తుంది, దాంతో మధ్యలో చార్జింగ్ ఆగిపోతుంది. బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌తోనూ ఇదే ఇబ్బంది. కొన్ని మోడళ్ళలో దీనికోసం “లో కరెంట్ మోడ్” ఉంటుంది, బటన్‌ను రెండుసార్లు నొక్కితే వస్తుందని కాగితంలో రాసి ఉంటుంది. ఆ వరుస కనిపిస్తే అది మీకు మంచి పోస్టు: “కీప్యాడ్ ఫోనుకూ, ఇయర్‌బడ్స్‌కూ మధ్యలో ఆగకుండా ఎక్కుతుంది.” లేకపోతే ఒక కీప్యాడ్ ఫోన్ పెట్టి చూసి, ఆగిపోతే ఆ వినియోగదారులకు ఈ మోడల్ పోస్టు పెట్టకపోవడమే మేలు. కేబుల్ సంగతి కూడా చూసుకోవాలి. చాలా కీప్యాడ్ ఫోన్లకు పాత మైక్రో యూఎస్‌బీ పిన్ను, పెట్టెలో వచ్చేది టైప్ సి.

ఆరో అడుగు: రాయడం, తిరగరాయడం

చెరువు దగ్గర స్మార్ట్‌ఫోన్ వాడే రైతుకు ఒక పోస్టు రాసి చూద్దాం. మొదటి చిత్తు సాధారణంగా ఇలా వస్తుంది:

“రైతు సోదరులకు శుభవార్త! 10000 ఎంఏహెచ్ భారీ కెపాసిటీ పవర్ బ్యాంక్. ఇక చార్జింగ్ సమస్యే ఉండదు! కేవలం 899.”

శుభవార్త ఏమిటో ఇందులో లేదు. “సమస్యే ఉండదు” అన్నది అబద్ధం. “భారీ” అన్నది కొలతకు లొంగదు. రెండో చిత్తులో ప్రయోజనాన్ని తెస్తాము:

“రాత్రి చెరువు దగ్గర కరెంటు పోయినా మీ ఫోన్ ఆగదు. 10000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకుతో ఫోన్ పూర్తిగా చార్జ్ అవుతుంది. 899 రూపాయలు.”

ఇది మెరుగే, కానీ ఏ ఫోన్, ఎన్నిసార్లు అన్నది లేదు. చదివినవారు తమ లెక్క తాము వేసుకుని రెండుసార్లనే అనుకుంటారు. మూడో చిత్తు:

“రాత్రి చెరువు గట్టు మీద ఉండేవారికి. కరెంటు లేకపోయినా, దిగిపోయిన 5000 ఎంఏహెచ్ ఫోన్‌ను ఇది ఒకసారి పూర్తిగా నింపుతుంది, కాస్త మిగులుతుంది కూడా. పడుకునేటప్పుడు చార్జింగ్ పెడితే తెల్లారేసరికి మళ్ళీ సిద్ధం. తడి తగలకుండా వాడాలి. 10000 ఎంఏహెచ్, 899 రూపాయలు.”

వరుస గమనించండి. మొదటి వాక్యంలో మనిషి, వేళ. ఇన్‌స్టాగ్రామ్‌లో పైన కనిపించేది ఆ ఒక్క వాక్యమే కాబట్టి, తనకు సంబంధించినదని చదువరి అక్కడే గుర్తుపట్టాలి. తరువాత ప్రయోజనం, ఆ వెంటనే దాని హద్దు. పెట్టె మీది పెద్ద అంకె చివర ధరతో పాటు వచ్చింది. దాన్ని తీసేయకూడదు, ఎందుకంటే పక్క షాపు ధరతో పోల్చుకునేవారికి అది కావాలి. మొదట్లో పెట్టకూడదు, ఎందుకంటే అప్పుడు మళ్ళీ రెండుసార్ల లెక్కే మనసులో పడుతుంది.

“తడి తగలకుండా వాడాలి” అన్న వాక్యం అమ్మకాన్ని చెడగొడుతుందని కొందరు షాపువారు అంటారు. నేను ఒప్పుకోను. చెరువు గట్టు పేరు ఎత్తి, నీటి మాట దాటవేస్తే, ఇది నీటికి తట్టుకునే రకమని చదివినవారు అనుకోవడానికి మనమే అవకాశం ఇచ్చినట్టు. పెట్టె మీద ఐపీ రేటింగ్ లేని వస్తువుకు ఆ హామీ లేదు.

కాలేజీ పిల్లల పోస్టుకు ఇదే పద్ధతి ఎలా ఉంటుందో కూడా చూడండి. మీ కొలతలో తక్కువగా వచ్చినది అరగంటకు 22 శాతం అనుకుందాం:

“అమలాపురం–రాజమండ్రి బస్సులో రోజూ తిరిగేవారికి. బస్సెక్కి కలిపితే అరగంటలో ఫోన్ కనీసం 20 శాతం పెరుగుతుంది. మా షాపులో మూడు ఫోన్ల మీద చూశాం. ఫాస్ట్ చార్జింగ్ ఒప్పుకునే ఫోన్లకు ఇంకా వేగంగా ఎక్కుతుంది. మీ ఫోన్ తీసుకొస్తే పెట్టి చూపిస్తాం. 899.”

“పెట్టి చూపిస్తాం” అనేది ఊళ్ళో షాపుకు ఉన్న బలం, ఆన్‌లైన్ అమ్మకందారుకు లేనిది. ఇక “రెండు ఫోన్లు ఒకేసారి” అని రాసేటప్పుడు, చాలా చవక మోడళ్ళలో రెండు కలిపితే వేగం పంచుకుంటుందనీ, ఫాస్ట్ చార్జింగ్ ఆగిపోతుందనీ గుర్తుంచుకుని, “నెమ్మదిగా” అన్న మాట చేర్చండి.

ఏడో అడుగు: భద్రత గురించి రాసేటప్పుడు

“మల్టీ లేయర్ ప్రొటెక్షన్”ను “పేలదు, కాలదు” అని తెనిగించడం ప్రమాదం. లిథియం బ్యాటరీ గురించి ఆ హామీ ఎవరూ ఇవ్వలేరు. ఆ మాట రాసి పెట్టిన షాపు, 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోని తప్పుదారి పట్టించే ప్రకటనల నిర్వచనంలోకి తనంతట వెళ్ళినట్టే. లోపలి రక్షణ చేసే పనిని చెబితే చాలు: “రాత్రంతా మర్చిపోయి ఉంచినా, నిండగానే తనంతట ఆగుతుంది.”

దానికి తోడు, వస్తువుల ప్రమాణాలను చూసే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వారి నమోదు గుర్తు ఉంటుంది. పవర్ బ్యాంకులకు మన దేశంలో ఈ నమోదు తప్పనిసరి. వస్తువు మీద ఆర్ అనే అక్షరంతో మొదలై ఎనిమిది అంకెలున్న సంఖ్య కనిపిస్తుంది. దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో వేస్తే ఏ తయారీదారుకు, ఏ వస్తువుకు ఇచ్చారో చూపిస్తుంది. పోస్టు పెట్టే ముందు మీరే వేసి చూడండి. పేరు కలవకపోతే పోస్టు సంగతి అటుంచి, ఆ సరుకునే తిప్పి పంపాలి. కలిస్తే ఆ సంఖ్య ఫొటో తీసి “మీరే సరిచూసుకోవచ్చు” అని పెట్టండి. ఎండలో బండి మీద వదలవద్దని, ఉబ్బినట్టు కనిపిస్తే వాడటం ఆపి షాపుకు తెమ్మని రాసే పోస్టు కూడా ఒకటి ఉండాలి.

ఎనిమిదో అడుగు: పోస్టు పనిచేస్తోందో లేదో తెలుసుకోవడం

ఎంతమంది చూశారన్న అంకె వల్ల పెద్దగా తెలిసేది ఏమీ లేదు. వచ్చే ప్రశ్నలను గమనించండి. “ఇది నా ఫోన్‌కు ఎన్నిసార్లు ఎక్కుద్దండీ” అని పదే పదే అడుగుతుంటే మీ సామర్థ్యం వాక్యం స్పష్టంగా లేదని అర్థం. “ఇంకో రంగు ఉందాండీ” అనో, “ఆదివారం షాపు తీస్తారాండీ” అనో అడుగుతుంటే ప్రయోజనం వారికి అర్థమైపోయింది, కొనడానికి చూస్తున్నారు. వెనక్కి వచ్చిన ప్రతి వస్తువు పక్కనా, కొన్నవారు ఏ మాట నమ్మి కొన్నారో అడిగి రాసుకోండి. “ఇంటి చార్జరంత స్పీడు లేదు” అన్న ఫిర్యాదు వస్తే వేగం వాక్యాన్ని, “రెండోసారి నిండలేదు” అంటే సామర్థ్యం వాక్యాన్ని మార్చాలి. మిగిలినవాటిని కదపనక్కరలేదు.

సరుకు కొత్త లాట్ వచ్చినప్పుడు పాత పోస్టును అలాగే మళ్ళీ పెట్టకండి. పెట్టె రంగు, మోడల్ పేరు అవే ఉండి రేటెడ్ కెపాసిటీ మారడం, 9 వోల్టుల అవుట్‌పుట్ పోయి 5 వోల్టులదే మిగలడం చవక సరుకులో జరుగుతుంది. కొత్త లాట్ నుంచి ఒక పెట్టె విప్పి, వెనుక వైపు అక్షరాలను మీ పాత కాగితంతో పోల్చి, ఒక ఫోన్‌తో అరగంట పరీక్ష మళ్ళీ చేసి, అంకెలు కలిస్తేనే పాత వాక్యాలు వాడండి.